సమావేశానికి ముందురోజు పంపే తొమ్మిది వరుసల మెయిల్



కిందటి వారం కొత్తగా ఎన్నికైన సహకార్యదర్శి ఒక మాట అడిగారు. "మూడు వారాల ముందే నోటీసు పంపుతాం, వాట్సాప్‌లో పోస్టరు పెడతాం. మళ్ళీ ముందురోజు మెయిల్ ఎందుకండీ? అందులో ఏం రాయాలి?" అని. ఫోన్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోవచ్చు గానీ, రేపు ఆ పని ఎవరి చేతికి వచ్చినా పనికొస్తుందని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. పొడుగు పోస్టు, తీరిగ్గా చదవండి.

ముందు నోటీసుకీ, ఈ మెయిల్‌కీ తేడా తెలియాలి. నోటీసు అంటే మన నిబంధనావళి ప్రకారం ఇన్ని రోజుల ముందు పంపాలని ఉన్న కాగితం. అందులో అజెండా ఉంటుంది, ఏ తీర్మానం పెడుతున్నామో ఉంటుంది. ముందురోజు మెయిల్ నోటీసు కాదు. అందులో కొత్త విషయం చేర్చకూడదు, తీర్మానం మాటలు మార్చకూడదు. నోటీసులో లేనిది ఒక్కరోజు ముందు మెయిల్లో పెట్టి సభలో తీర్మానం చేస్తే, రేపు ఎవరైనా అభ్యంతరం చెప్పినప్పుడు అది నిలవదు. ఈ మెయిల్‌కి ఉన్న పని ఒక్కటే. వస్తానని మనసులో అనుకున్న మనిషిని సరైన గంటకి, సరైన చోటికి, సరైన లింక్‌కి చేర్చడం.

ఆ చేర్చడంలోనే మన సంఘాల తంటా అంతా ఉంది. నాకు తెలిసిన ఒక సంఘంలో ఏం జరిగిందో చెబుతాను, పేరు అవసరం లేదు. ఆదివారం పిల్లలకి తెలుగు అక్షరాలు నేర్పే టీచరమ్మకి ఇచ్చే గౌరవ వేతనం పెంచాలని సర్వసభ్య సమావేశం పెట్టారు. ఆ డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ నుంచి తీయాలంటే సభ అనుమతి కావాలి. కోరానికి ఇద్దరు తగ్గారు. సభ వాయిదా పడింది. తరవాత విచారిస్తే వస్తామన్నవాళ్ళలో ఒకాయన వేరే స్టేషన్లో దిగి నడిచి నడిచి విసిగి తిరిగి వెళ్ళిపోయాడు. బరంపురంలో ఉన్న ఒకావిడ, షోలాపూర్‌లో ఉన్న ఒకాయన పాత లింక్ పట్టుకొని అరగంట కూర్చున్నారు. ముగ్గురికీ ఇష్టం ఉంది, తీరిక ఉంది. వాళ్ళ దగ్గర లేనిది ఒక్క సరైన కాగితం. మళ్ళీ సభ పెట్టేలోపు బళ్ళు తెరిచారు, టీచరమ్మ వేరే చోట ట్యూషన్ ఒప్పుకొంది. తరగతి ఆగిపోయింది.

ఇంక మెయిల్ సంగతికి వద్దాం. ఒక నమూనా ఇస్తున్నాను. నంబర్లు, లింక్ అన్నీ ఉదాహరణకి పెట్టినవే, నొక్కి చూడకండి.

```
విషయం: ఆదివారం 15 జూన్, సాయంత్రం 5:30 - సర్వసభ్య సమావేశం

సభ్యులకు నమస్కారం.
సమావేశం నోటీసులో చెప్పినట్టే జరుగుతుంది. మార్పు లేదు.
రోజు: ఆదివారం, 15 జూన్ 2025
సమయం: సాయంత్రం 5:30 నుంచి 7:00 వరకు, భారత కాలం
చోటు: సంఘం హాలు, మొదటి అంతస్తు. పెరంబూరు స్టేషన్లో దిగాలి.
ఇంటి నుంచి చేరేవారికి లింక్ (5:15కి తెరుస్తాం):
https://zoom.us/j/12345678901?pwd=AbCdEfGh
Meeting ID: 123 4567 8901  Passcode: 482915
ఇబ్బంది ఉంటే: కార్యదర్శి ఫోన్ నంబరు
```

విషయం వరుస వదిలేస్తే తొమ్మిది వరుసలు. ఒక్కొక్కటి ఎందుకు అలా ఉందో చెబుతాను.

మొదట విషయం వరుస. ఫోన్లో మెయిల్ పెట్టె తెరిస్తే విషయంలో మొదటి నాలుగైదు మాటలే కనబడతాయి, మిగిలింది చుక్కలు. "మన సంఘం తరఫున సభ్యులందరికీ సవినయంగా తెలియజేయునది" అని మొదలుపెడితే ఆ చుక్కల కిందే తారీఖూ గంటా పోతాయి. అందుకని రోజు, తారీఖు, గంట ముందు, సమావేశం పేరు తరవాత. మెయిల్ తెరవకుండానే సగం పని అయిపోవాలి. ఇంకో సంగతి, దీన్ని పాత నోటీసుకి జవాబుగా పంపకండి. కొత్త మెయిల్‌గా పంపండి. జవాబుగా పంపితే పాతవన్నీ ఒకే దొంతరలో చేరి, చదివేవాడు పైనున్న పాతదాన్ని తెరిచి అందులో లింక్ నొక్కుతాడు.

రెండో వరుసలో "మార్పు లేదు" అన్న మాట చిన్నదే గానీ అసలు కబురు అదే. ముందురోజు మెయిల్ చూడగానే మనిషికి వచ్చే మొదటి ఆలోచన "ఏదో మారిందేమో" అని. మారలేదని చెప్పేస్తే అతను నోటీసు వెతుక్కోడు. నిజంగా గంటో, చోటో మారితే అప్పుడిది నిర్ధారణ మెయిల్ కాదు. విషయం వరుసలో మొదటి మాటగా "మార్పు" అని పెట్టి, పాత గంట ఏది, కొత్త గంట ఏది అని రెండూ చెప్పాలి. వట్టి కొత్త గంట మాత్రం రాస్తే, నోటీసు చూసి డైరీలో రాసుకున్నవాడు ఏది నిజమో తేల్చుకోలేడు.

తరవాత రోజు. ఇక్కడ "రేపు" అన్న మాట రాయకండి. శనివారం సాయంత్రం మీరు "రేపు సమావేశం" అని పంపుతారు. మన పెద్దవాళ్ళు చాలామంది మెయిల్ ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ చూస్తారు. వాళ్ళకి రేపు అంటే సోమవారం. అందుకని వారం, తారీఖు రెండూ రాయాలి. రెండూ ఎందుకంటే ఒకటి ఇంకొకదానికి సాక్షి. రాసేవాడు పొరపాటున 16 అని కొట్టినా, పక్కన ఆదివారం అని ఉంటే చదివేవాడికి వెంటనే అనుమానం వస్తుంది, ఫోన్ చేసి అడుగుతాడు. ఒక్క తారీఖే ఉంటే ఆ తప్పు ఎవరికీ కనబడదు. నెల కూడా అంకెల్లో కాకుండా పేరుతో రాయండి. 5/6 అంటే మనకి జూన్ ఐదు, అమెరికాలో ఉన్న మన పిల్లలకి మే ఆరు.

గంట విషయం రైల్వేలో పనిచేసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. 15వ తారీఖు 00:10కి బయలుదేరే బండికి టికెట్టు తీసుకొని, 15వ తారీఖు రాత్రి పెట్టే బేడా సర్దుకొని స్టేషన్‌కి వచ్చేవాళ్ళు ఎంతమందో. బండి అప్పటికి దాదాపు ఒక రోజు ముందే వెళ్ళిపోయి ఉంటుంది. అంకె సరిగ్గానే ఉంది, చదివే మనిషి దాన్ని వేరేగా అర్థం చేసుకున్నాడు. అందుకే వట్టి "5:30" అని రాస్తే చాలదు. "సాయంత్రం" అన్న మాట ఉండాలి. ముగిసే గంట కూడా ఉండాలి. దూరం నుంచి వచ్చేవాళ్ళు తిరుగు బండి చూసుకోవాలి, ఆడవాళ్ళు ఇంటికి ఎప్పుడు చేరతారో చెప్పి రావాలి. ముగింపు తెలియకపోతే "ఎందుకొచ్చిన గొడవ" అని మానేస్తారు.

"భారత కాలం" అని రాయడం మనదేశంలోవాళ్ళ కోసం కాదు, బయట ఉన్న సభ్యుల కోసం. జూన్ నెలలో మన సాయంత్రం 5:30 అంటే దుబాయ్‌లో సాయంత్రం 4:00, సింగపూర్‌లో రాత్రి 8:00, లండన్‌లో మధ్యాహ్నం 1:00, న్యూజెర్సీలో పొద్దున 8:00. చలికాలంలో లండన్, న్యూజెర్సీ గడియారాలు ఒక గంట వెనక్కి జరుపుతారు. అప్పుడు లండన్‌లో మధ్యాహ్నం 12:00, న్యూజెర్సీలో పొద్దున 7:00 అవుతుంది. దుబాయ్, సింగపూర్‌లలో ఈ మార్పు లేదు. ఈ లెక్కలన్నీ మెయిల్లో పెట్టకండి, ఐదు గంటలు ఒకేచోట కనబడితే హాలుకి వచ్చేవాడు తికమకపడతాడు. భారత కాలం అని ఒకటే రాస్తే బయటివాళ్ళు వాళ్ళ ఫోన్లో వాళ్ళే చూసుకుంటారు.

ఇంక చోటు. చోటు రాసేటప్పుడు ఆ ఊరు తెలియనివాడి కళ్ళతో చూడాలి. "పెరంబూరు దగ్గర" అని రాస్తే మనకి అర్థమైపోతుంది. కానీ చెన్నై సెంట్రల్ నుంచి అరక్కోణం వైపు వెళ్ళే లోకల్ బండిలో వ్యాసర్పాడి జీవా దాటగానే పెరంబూరు, తరవాత పెరంబూరు క్యారేజ్ వర్క్స్, ఆ తరవాత పెరంబూరు లోకో వర్క్స్ అని వరసగా మూడు స్టేషన్లు ఉన్నాయి. మూడింటికీ పేరులో పెరంబూరే. నేను పైన చెప్పిన పెద్దాయన ఇటువంటి పేర్ల మధ్యే చిక్కుకున్నాడు. అందుకని ఎక్కడ దిగాలో ఒక్క స్టేషన్ పేరు చెప్పి ఆపాలి. దిగాక ఏ వైపు బయటికి రావాలో ఉంటే ఇంకా మంచిది. "మొదటి అంతస్తు" అన్నది కూడా ఊరికే రాసింది కాదు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు అది చూసి హాలుకి రావాలా, లింక్‌లో చేరాలా అని ముందే తేల్చుకుంటారు. మెట్ల దగ్గరికి వచ్చాక తేల్చుకునే అవసరం వాళ్ళకి పెట్టకూడదు.

లింక్ దగ్గర ఎక్కువ తప్పులు జరుగుతాయి, కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. లింక్ ఎప్పుడూ ఒంటరిగా ఒక వరుసలో ఉండాలి. దాని ముందు మాట ఉండకూడదు, వెనక చుక్క కూడా ఉండకూడదు. ముఖ్యంగా మన తెలుగులో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. మనం మాట చివర లో, కి, ద్వారా అని అతికించి రాస్తాం. అలవాటుకొద్దీ లింక్ చివరా "లో" అని ఖాళీ లేకుండా అతికిస్తే, చాలా ఫోన్లు ఆ "లో"ని కూడా లింక్‌లో భాగమే అనుకుంటాయి. నొక్కితే తప్పు పేజీ వస్తుంది, లేదా పాస్‌వర్డ్ తప్పంటుంది. రాసినవాడి కంటికి అది చక్కటి తెలుగు వాక్యం, ఫోన్‌కి అది వేరే చిరునామా. అందుకే పై వరుసలో "లింక్" అని చెప్పి, కింద వరుసలో లింక్ ఒక్కటే.

జూమ్ లింక్ అయితే ఇంకొకటి చూడాలి. సభ్యులకి పంపే లింక్‌లో `zoom.us/j/` అని ఉంటుంది. `/s/` అని కనబడితే అది సభ నడిపేవారు ప్రారంభించుకోవడానికి వాడేది, దాన్ని ఎవరికీ పంపకూడదు. కార్యదర్శి తన కంప్యూటర్లో సభ తెరిచి, పైన చిరునామా పట్టీలో ఉన్నది కాపీ చేస్తే ఇటువంటిది జరుగుతుంది. అలా కాకుండా జూమ్ ఇచ్చే ఆహ్వానం నుంచి కాపీ చేయాలి. లింక్ చివర `pwd=` తరవాత ఉండే అక్షరాలు కూడా పూర్తిగా రావాలి. అవి తెగిపోతే లింక్ తెరుచుకుంటుంది గానీ Passcode అడుగుతుంది. అందుకే కింద వరుసలో Meeting ID, Passcode విడిగా ఇస్తాం. లింక్ నొక్కడం కుదరనివాళ్ళు జూమ్ తెరిచి ఆ అంకెలు కొట్టి చేరతారు. గూగుల్ మీట్ అయితే `meet.google.com/` తరవాత మూడు, నాలుగు, మూడు అక్షరాలు మధ్య గీతలతో ఉంటాయి, ఒక అక్షరం తగ్గినా పని చేయదు.

లింక్ సరిగ్గా ఉందా అని చూసే పద్ధతి ఒక్కటే. ముందు ఆ మెయిల్ మీకు మీరే పంపుకోండి. తరవాత దాన్ని సంఘం అకౌంటు లేని ఇంకో ఫోన్లో, ఇంట్లో కోడలి ఫోనైనా సరే, తెరిచి లింక్ నొక్కండి. "సభ నడిపేవారు ఇంకా రాలేదు, ఆగండి" అన్న అర్థం వచ్చే మాట కనబడితే లింక్ మంచిదే. మీ ఫోన్లోనే నొక్కి చూస్తే ఉపయోగం లేదు, అది మిమ్మల్ని నడిపేవారిగా గుర్తుపట్టి లోపలికి పంపేస్తుంది, తప్పు బయటపడదు. అక్కడ కనబడే సభ పేరు, తారీఖు కూడా చదవండి. కిందటి నెల లింక్ అయితే అక్కడే దొరికిపోతుంది.

పోస్టరు గురించి ఒక మాట. మన సంఘాల్లో తెలుగుతల్లి బొమ్మతో అందమైన పోస్టరు చేసి అందులోనే లింక్ రాసేస్తారు. బొమ్మలో ఉన్న లింక్‌ని నొక్కలేరు. డెబ్భై ఏళ్ళ మనిషి కళ్ళద్దాలు పెట్టుకొని అందులోది అక్షరం అక్షరం చూసి కొట్టాలి, పెద్ద అక్షరమో చిన్న అక్షరమో కూడా తెలియదు. పోస్టరు పెట్టుకోండి, బాగుంటుంది. లింక్ మాత్రం అక్షరాలుగా పంపండి.

భాష సంగతి. మనలో చాలామందికి ఇంట్లో తెలుగు, బళ్ళో వేరే భాష. చెన్నైలో తమిళం, బెంగళూరులో కన్నడం, బరంపురంలో ఒరియా, షోలాపూర్‌లో మరాఠీ. నేనూ తమిళ మీడియంలో చదివినవాణ్ణే, తెలుగు లిపి తరవాత నేర్చుకున్నాను. లిపి రానివాళ్ళని మెయిల్ బయట వదలకూడదు. తెలుగు తొమ్మిది వరుసల కింద గీత గీసి, అవే తొమ్మిది ఇంగ్లీషులో పెట్టండి. రెండోసారి కొత్తగా కొట్టకుండా, తారీఖు, గంట, అంకెలు పైనుంచి కాపీ చేయండి. చేత్తో రెండుసార్లు కొడితే రెండు గంటలు తయారయ్యే ప్రమాదం ఉంది. వాట్సాప్‌లో పెట్టేదీ ఇదే మెయిల్‌కి కాపీ అయి ఉండాలి, వేరే రాత కాదు.

పంపే వేళ శనివారం సాయంత్రం 5 గంటల ప్రాంతం మంచిది. అప్పుడు పంపితే లింక్ తెరుచుకోలేదని, చోటు తెలియలేదని ఫోన్లు వస్తే రాత్రి 9 లోపు సరిదిద్దవచ్చు. ఆదివారం పొద్దున పంపితే ముహూర్తాలకి వెళ్ళినవాళ్ళు, గుడికి వెళ్ళినవాళ్ళు చూసేసరికి సాయంత్రం అవుతుంది. మరీ శుక్రవారమే పంపితే కింద పడిపోతుంది. చిరునామాలు అన్నీ Bcc లో పెట్టండి, To లో సంఘం చిరునామా ఒక్కటే. అప్పుడు ఒకరి చిరునామా ఇంకొకరికి తెలియదు, "నేను వస్తాను" అని ఒకరు రాసిన జవాబు రెండువందల మందికీ పోదు. ఉచిత జీమెయిల్లో రోజుకి 500 మందికి మించి పంపనివ్వదు, అంతకంటే పెద్ద సంఘమైతే రెండు భాగాలు చేసి, ఒక భాగం ఇంకో అకౌంటు నుంచి పంపాలి.

చివరి వరుసలో ఒక్క మనిషి నంబరే ఉండాలి. ముగ్గురివి ఇస్తే ముగ్గురూ ఇంకొకరు ఎత్తుతారనుకుంటారు. ఆ ఒక్కరు సభ రోజు 5:00 నుంచి 5:45 వరకు వేదిక మీద ఉండకూడదు, ఫోన్ చేతిలో ఉండాలి.

ఇంకేం రాయకూడదో కూడా చెప్పాలి. అజెండా మళ్ళీ వద్దు, నోటీసులో ఉంది. చందా బాకీలు గుర్తు చేయకండి. పద్యాలు, పండగ శుభాకాంక్షలు, పీడీఎఫ్‌లు వద్దు. వాటికి వేరే రోజులున్నాయి. ఇవన్నీ చేరితే లింక్ ఎక్కడో మూడో తెరలోకి జారిపోతుంది.

మరొక్కటి. లింక్‌లో చేరినవాళ్ళు కోరం లెక్కలోకి వస్తారా, ఓటు వేయవచ్చా అన్నది ప్రతి సంఘం నిబంధనావళిలో ఎలా ఉందో అలాగే. మెయిల్ చక్కగా రాసి ఇరవైమందిని లింక్‌లోకి తెచ్చినా, నిబంధన ఒప్పుకోకపోతే తీర్మానానికి వాళ్ళు లెక్కకి రారు. లింక్ వరుస రాసే ముందు అధ్యక్షులు, కార్యదర్శి ఆ పేజీ ఒకసారి తెరిచి చూడాలి. ఒప్పుకోకపోతే "లింక్‌లో వినవచ్చు, మాట్లాడవచ్చు, ఓటు హాల్లోనే" అని లింక్ పై వరుసలో స్పష్టంగా రాయండి. అప్పుడు ఓటు వేయాలనుకున్నవాడు ఆటో ఎక్కి వస్తాడు.

నమూనా మెయిల్‌ని కాపీ చేసుకొని ఒక డ్రాఫ్టుగా ఉంచుకోండి. ప్రతిసారీ రోజు, గంట, చోటు, లింక్, అంకెలు మార్చి, నోటీసు పక్కన పెట్టుకొని వరుస వరుసా సరిచూడండి. ఇద్దరుంటే ఒకరు గట్టిగా చదవండి, ఒకరు నోటీసులో చూడండి. పది నిమిషాల పని. మీ మీ సంఘాల్లో వేరే పద్ధతి ఉంటే కింద రాయండి, అందరం చూస్తాం.